మువ్వగోపాలుడెవరు? క్షేత్రయ్య పదాలలోని సందిగ్ధత – అనువాదకుని బాధ్యత

17వ శతాబ్దికి చెందిన క్షేత్రయ్య పదాలలో నాయిక ఎదురుచూసే మువ్వగోపాలుడు దేవుడా, విటుడా అన్నది పాత ప్రశ్న. జీవాత్మ పరమాత్మకై పడే తపనగా ఈ పదాలను వ్యాఖ్యానించినవారున్నారు. అయితే కొన్ని పదాలలో నాయిక వేశ్య. ఆమె సొమ్ము గురించి బేరమాడుతుంది. ఈ బేరాన్ని ఆత్మపరంగా అన్వయించడం సులభం కాదు. అలాగని గోపాలుడన్న పేరు వట్టి అలంకారమనడానికీ వీలులేదు.

ఇది శ్లేష కాదు. శ్లేషలో ఒకే పదానికి రెండు అర్థాలుంటాయి. ఇక్కడ అర్థం ఒక్కటే, అది ఎవరికి చెందుతుందన్నదే సందిగ్ధం. అందువల్ల అనువాదకుడు తెలియకుండానే తీర్పరి అయ్యే ప్రమాదముంది.

“సామి ఇంకా రాలేదు” అన్న మామూలు మాటను ఆంగ్లంలోకి మార్చే సందర్భాన్ని పరిశీలించవచ్చు. తెలుగులో “సామి” దేవునికీ, ప్రభువుకూ, ప్రియునికీ చెల్లుతుంది. ఆంగ్లంలో “లార్డ్” అన్న మాటను పెద్ద అక్షరంతో మొదలుపెడితే దేవుడే మిగులుతాడు. “లవర్” అంటే మనిషే మిగులుతాడు. పెద్ద, చిన్న అక్షరాల భేదం తెలుగు లిపిలో లేదు కనుక ఈ ఎంపిక మూలకవికి ఎదురుకాలేదు. చిన్న అక్షరంతో “లార్డ్” అని వ్రాస్తే రెండు దారులూ కొంతవరకు తెరిచి ఉంటాయి. కాని ఆ మాటలోని పాతదనం వల్ల “సామి”లోని చనువు తగ్గుతుంది.

సందిగ్ధత పదంలోనే కాక గానక్రమంలోనూ ఉంది. చరణం ముగిసిన ప్రతిసారీ పల్లవి తిరిగి వస్తుంది. మొదట ప్రియునిపై ఫిర్యాదుగా విన్న పల్లవినే, చరణంలో మువ్వగోపాలుడన్న ముద్ర విన్న తరువాత శ్రోత మరొక విధంగా వింటాడు. పల్లవిని ఒక్కసారే అచ్చువేసిన అనువాదంలో ఈ మలుపు జారిపోతుంది. పునరావృత్తిని నిలపడం ఇక్కడ అర్థరక్షణ.

ఏ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేయగా 1994లో వెలువడిన ఆంగ్లానువాద సంపుటి దేవుణ్ణి విటునిగా పేర్కొనే శీర్షికనే ధరించింది. భక్తిపరమైన వ్యాఖ్య కప్పివేసిన పార్శ్వాన్ని అది వెలికితెచ్చింది. ఆ శీర్షికలో దేవుడూ ఉన్నాడు, విటుడూ ఉన్నాడు. ఏ ఒక్కరినీ తొలగించలేదు.

అనువాదకునికి తన అభిప్రాయం ఉండకూడదని కాదు. దానికి పీఠికలో చోటుంది. పద్యంలోనే దానిని చొప్పిస్తే, మూలం ఎరుగని పాఠకుడు అది అనువాదకుని తీర్పని గుర్తించలేడు. కవి మాటగానే స్వీకరిస్తాడు. నైతిక దోషం అక్కడుంది. భక్తుడూ, రసికుడూ అనువాదంలోని ఒకే పంక్తిని చూపి తమ తమ అన్వయాన్ని సమర్థించుకోగలిగితే ఆ అనువాదం మూలానికి న్యాయం చేసినట్లు. ఇద్దరిలో ఒకరికి ఆధారం దక్కకపోతే, మూలంలో లేని నిర్ణయమేదో అనువాదంలో చేరినట్లే.