లిఫ్టుల విషయం అంటే ఏ విషయం?

అమ్మలూ,

అసోసియేషన్‌కి నిన్ను సెక్రటరీగా ఎన్నుకున్నారని నాన్న చెప్పినప్పుడు చాలా సంతోషం వేసింది. జనరల్ బాడీ మీటింగు కోసం నువ్వు రాసి పంపిన నోటీసు చదివాను. తేదీ, చోటు, టైము అన్నీ ఉన్నాయి. అజెండాలో మూడో అంశం దగ్గర మాత్రం ఆగిపోయాను. ‘లిఫ్టుల విషయం’ అని ఊరుకున్నావు.

ఆ రెండు మాటలు చదివినవాళ్లు ఏమనుకుని వస్తారో ఆలోచించు. మూడో అంతస్తు ఆయన తలుపు సరిగా పడటం లేదన్న ఫిర్యాదుతో వస్తాడు. పైఅంతస్తు ఆవిడ కరెంటు పోయినప్పుడు జనరేటరు అందుకోవడం లేదని అడగడానికి వస్తుంది. ఇరవై రెండేళ్ల లిఫ్టులు రెండూ తీసేసి కొత్తవి పెట్టాలా అని అడగబోతున్నావని, అందుకు ఇంటింటికీ డబ్బు పడుతుందని ఎవరికీ తెలియదు. మీటింగులో ఆ మాట వినగానే ‘ఇంట్లో మాట్లాడుకుని చెబుతాం’ అంటారు. అనక ఏం చేస్తారు తల్లీ? అంత డబ్బు విషయం కుర్చీలో కూర్చున్న పళంగా తేల్చమంటే ఎవరికైనా కష్టమే.

అందుకని అజెండాలో ప్రతి అంశాన్నీ సభ్యులు చెప్పాల్సిన నిర్ణయంగా రాయి. కేవలం తెలియజేసేదైతే ‘సమాచారం కోసం’ అని పక్కనే పెట్టు. బ్యాంకులో బోర్డు నోట్లు తయారు చేసిన రోజుల్లో మాకు మొదట నేర్పింది ఇదే. చివరి వాక్యంలో బోర్డు దేనికి అవునో కాదో చెప్పాలో లేకపోతే ఆ నోటు వెనక్కి వచ్చేది.

ఇప్పుడు మీ లిఫ్టుల సంగతే తీసుకుందాం. నీకు అది ఒక్క అంశంలా కనిపిస్తోంది గాని, లోపల మూడు నిర్ణయాలున్నాయి. లిఫ్టులు మార్చాలా, మోటారూ కంట్రోల్ ప్యానెలూ మాత్రం మార్చి ఇంకొన్నేళ్లు నడిపించాలా అన్నది మొదటిది. మార్చేటట్టయితే వచ్చిన మూడు కొటేషన్లలో దేన్ని ఒప్పుకోవాలన్నది రెండోది. తక్కువపడే డబ్బు ఎవరెంత వేసుకోవాలన్నది మూడోది. ఇవి కలిపి పెడితే మొదటిదానికి ఒప్పుకున్నవాడు కూడా మూడోదాని భయంతో మొత్తానికే అడ్డం తిరుగుతాడు. 3(అ), 3(ఆ), 3(ఇ) అని విడివిడిగా రాసి, ఒకటి తేలాకే రెండోదానికి వెళ్లు.

అసలు పేచీ మూడోదాని దగ్గరే వస్తుంది. నువ్వు చెప్పిన లెక్క ప్రకారం లిఫ్టు ఒక్కోటి 12 లక్షలు, రెండూ 24 లక్షలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 28 లక్షల 32 వేలు. కార్పస్ ఫండులో 16 లక్షలున్నాయి. తగ్గేది 12 లక్షల 32 వేలు. 48 ఫ్లాట్లకూ సమానంగా పంచితే ఇంటికి సుమారు 25,700 రూపాయలు. చదరపు అడుగుల లెక్కన పంచితే పెద్ద ఫ్లాట్లవాళ్లు గొడవ చేస్తారు. సమానంగా పంచితే చిన్నవాళ్లు చేస్తారు. గ్రౌండ్ ఫ్లోరువాళ్లు లిఫ్టే ఎక్కని మేము ఎందుకివ్వాలంటారు. ఇదంతా మీటింగులో కొత్తగా మొదలైతే పొద్దుపోయినా తెమలదు. ముందే బైలాస్ తీసి, ఇలాంటి ఖర్చు ఎలా పంచాలని ఉందో చూడు. ఆ క్లాజు నెంబరు వేసి, అందులో ఉన్నది ఉన్నట్టు నోటులో ఎత్తి రాయి. రెండు పద్ధతుల్లోనూ ఏ ఫ్లాటుకి ఎంత పడుతుందో పట్టిక వేసి జతచెయ్యి. మనిషి ముందుగా తన ఫ్లాటు నెంబరు వెతుక్కుంటాడు. ఆ అంకె ఇంట్లో చూసుకుని వచ్చినవాడు మీటింగులో తొణక్కుండా మాట్లాడతాడు.

కొటేషన్లు మూడింటినీ ఉన్నవి ఉన్నట్టు స్కాన్ చేసి పంపెయ్యకు. ముప్పై పేజీలు ఎవరూ చదవరు, చదివినా పోల్చలేరు. ఒక కంపెనీ పాత లిఫ్టు విప్పి తీసుకెళ్లడం ధరలో కలిపేస్తుంది, ఇంకొకటి దాన్ని వేరుగా చూపిస్తుంది. షాఫ్టులో గోడపని మీదేనని మూడో కంపెనీ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో రాస్తుంది. పైకి చవగ్గా కనిపించేది ఇవన్నీ కలిపాక చవక కాకపోవచ్చు. అన్నిటినీ ఒకే లెక్కకు తెచ్చి ఒక్క పేజీలో పెట్టు: మొత్తం ధర, వారంటీ ఎన్నాళ్లు, ఆ తర్వాత ఏడాదికి ఏఎమ్‌సీ ఎంత, ఒక్కో లిఫ్టు ఎన్ని రోజులు ఆగిపోతుంది, కొటేషను ఏ తేదీ దాకా చెల్లుతుంది. ఈ చివరిది మరిచిపోకు. గడువు దాటాక మీటింగు పెడితే మీరు ఒప్పుకున్న ధర కంపెనీ ఒప్పుకోదు. పేజీ కింద కమిటీ దేన్ని ఎందుకు సిఫారసు చేస్తోందో రెండు వాక్యాలు రాయి.

ఇక నోటీసు ఎప్పుడు పంపాలన్నది. ఎన్ని రోజుల ముందు పంపాలో మీ బైలాస్‌లో ఉంటుంది. లెక్కపెట్టేటప్పుడు పంపిన రోజూ మీటింగు రోజూ వదిలెయ్యి. కంపెనీల చట్టం 2013లో జనరల్ మీటింగులకు అడిగే 21 పూర్తి రోజులూ ఇలా లెక్కపెట్టేవే. మీ బైలాస్‌లో 14 రోజులని ఉంటే, ఆగస్టు 23 ఆదివారం మీటింగుకు నోటీసు 8వ తేదీకల్లా అందాలి. తొమ్మిదిన పంపితే ఒక రోజు తగ్గుతుంది. నిర్ణయం నచ్చనివాడు ఆ ఒక్క రోజునే పట్టుకుంటాడు.

నోటీసు ఇంటి తలుపు దగ్గర ఇచ్చి వచ్చేస్తే కూడా చాలదమ్మా. అద్దెకిచ్చిన ఫ్లాట్లలో అది అద్దెకున్నవాళ్ల చేతికి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. ఓటు ఓనరుది. బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉన్న ఓనర్లకు విడిగా మెయిలు పంపి, తమ తరఫున మరొకరిని పంపడానికి బైలాస్ ఒప్పుకుంటే ఆ లెటరు నమూనా కూడా జతచెయ్యి. నోటీసు చివర ఈ మాట ఉండాలి: ‘లిఫ్టుల మీద ప్రశ్నలుంటే ఆగస్టు 19లోగా రాసి పంపండి. జవాబులు 21న అందరికీ పంపుతాం.’ వచ్చిన ప్రశ్నలన్నీ కలిపి ఒక్క కాగితం మీద జవాబు చెబితే, ఒకే ప్రశ్నకు మీటింగులో పదిసార్లు లేవాల్సిన పని ఉండదు.

అజెండాలో టైము కూడా వెయ్యి. పదిన్నరకు మొదలు, పన్నెండుంబావుకు ముగింపు అని రెండూ రాయి. పోయినసారి మినిట్స్‌కి ఐదు నిమిషాలు, లెక్కలకు ఇరవై, లిఫ్టులకు యాభై, పార్కింగుకు ఇరవై. మిగతా పది నిమిషాలూ కోరం కోసం చూడటానికి. లిఫ్టుల్ని ఆఖరుకు నెట్టకు. పన్నెండు దాటితే వంట చూసుకోవాల్సినవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతారు. అంత డబ్బు మీద చెయ్యెత్తడానికి సగంమంది కూడా మిగలరు.

చివర ‘అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు’ అన్న అంశం అందరూ రాసేదే, నువ్వూ ఉంచు. ఎవరైనా లేచి అక్కడికక్కడే సీసీ కెమెరాలకు రెండు లక్షలు శాంక్షన్ చెయ్యమంటే మాత్రం ఒప్పుకోకు. ఆ మాట నోటీసులో లేదు కాబట్టి రానివాళ్లకు తెలిసే దారి లేదు, వాళ్ల డబ్బు కూడా అందులో ఉంది. ఆ కోరిక మినిట్స్‌లో రాసుకుని, వచ్చే మీటింగు అజెండాలో నిర్ణయం కోసం పెడతానని చెప్పు.

ఇలా మార్చి రాశాక, నోటీసు పంపే ముందు మీ అపార్ట్‌మెంటులోనే కమిటీతో సంబంధం లేని ఒకరికి ఇచ్చి చదవమను. ‘ఈ మీటింగులో మిమ్మల్ని ఏం అడగబోతున్నాం?’ అని అడుగు. లిఫ్టులు మార్చాలా, ఏ కంపెనీకి ఇవ్వాలి, నా వాటా ఎంత అన్న మూడూ తడుముకోకుండా చెప్పగలిగితే పంపించెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న