హక్కు ఎంత? ఔదార్యం ఎంత?

ఇద్దరు తగవు పడినప్పుడు చెరిసగం పంచేస్తే న్యాయం జరిగినట్లేనా? ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి ఒక చిన్న కథ చెప్పుకుందాం.

ఒక ఊళ్ళో ముగ్గురు రైతుల పొలాలు పక్కపక్కనే ఉన్నాయి. మూడూ సమానమైనవే. ఒక రైతు దగ్గర 5 బండ్ల పశువుల ఎరువు, మరొకరి దగ్గర 3 బండ్లు ఉన్నాయి. మూడో రైతు దగ్గర ఏమీ లేదు. ముగ్గురూ మాట్లాడుకుని మొత్తం 8 బండ్లనూ మూడు పొలాలకూ సమానంగా తోలుకున్నారు. పంట ఇంటికొచ్చాక మూడో రైతు, తన పొలంలో పడిన ఎరువుకు వెలగా 8 బస్తాల జొన్నలు ఇచ్చాడు.

"నావి 5 బండ్లు, నీవి 3. బస్తాలూ అలాగే పంచుకుందాం" అన్నాడు మొదటి రైతు. రెండో రైతు ఒప్పుకోలేదు. "ఇద్దరం కలిసి ఇచ్చాం, చెరి నాలుగూ రావాలి" అని పట్టుబట్టాడు. తగవు ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళింది.

"ఆయన ఇస్తానన్న మూడూ తీసుకో నాయనా, నీకే మేలు" అన్నాడు పెద్దాయన.

"నాకు ఎవరి దయా వద్దు. నా హక్కు ఎంతో అంత ఇప్పించండి."

"హక్కే కావాలంటే నీకు వచ్చేది ఒక్క బస్తా!"

రెండో రైతు నిర్ఘాంతపోయాడు. పెద్దాయన లెక్క చెప్పాడు: "ఒక్కో బండిని మూడు కుప్పలు చేస్తే 8 బండ్లకు 24 కుప్పలు. ఒక్కో పొలానికి 8 పడ్డాయి. నీ 3 బండ్లకు 9 కుప్పలు. అందులో 8 నీ పొలానికే పోయాయి, ఒక్కటే అతనికి చేరింది. ఈయన 15 కుప్పల్లో 8 తాను వాడుకుని 7 అతనికిచ్చాడు. వెల ఇచ్చింది తన పొలంలో పడిన ఎరువుకే కదా!"

రొట్టెలు పంచుకున్న ఇద్దరి మధ్య ఇలాంటి తీర్పే హజ్రత్ అలీ (రజి) చెప్పినట్లు ఒక ఉల్లేఖనం ఉంది. అయితే ఈ లెక్క ఒక్క షరతు మీదే నిలుస్తుంది. ఆ బస్తాలు ఎరువు వెల అయి ఉండాలి. మూడో రైతు వాటిని కృతజ్ఞతతో ఇద్దరికీ కానుకగా ఇచ్చి ఉంటే చెరి నాలుగే సబబు. కనుక తీర్పు చెప్పేవారు లెక్కకు ముందు, ఇచ్చినవారి ఉద్దేశం ఏమిటో అడగాలి.

ఇప్పుడు రెండో రైతు సంగతి చూద్దాం. అతను అబద్ధమాడలేదు. తనకు తోచిందే హక్కు అనుకున్నాడు. కాని అడిగిన నాలుగు బస్తాల్లో మూడు తన సోదరునివి. వాదనా పటిమ వల్ల ఒకరి హక్కు మరొకరికి ఇప్పించబడితే, తెలిసీ దాన్ని తీసుకున్నవాడు అగ్నిఖండాన్ని తీసుకున్నట్లేనని దైవప్రవక్త (స) హెచ్చరించారు. తీర్పు వచ్చినంత మాత్రాన సొమ్ము ధర్మసమ్మతం కాదన్నమాట.

మొదటి రైతు మూడు బస్తాలు ఇస్తానన్నప్పుడు, తనకు తెలియకుండానే రెండు తన వాటాలోంచి ఇస్తున్నాడు. లెక్క తేలాక కూడా అతను ఆ మాట మీదే నిలబడితే అది ఔదార్యం. ఏడూ ఉంచుకుంటే అది న్యాయం, అతణ్ణి తప్పుపట్టలేం. దివ్య ఖుర్ఆన్ నహ్ల్ సూరా 90వ ఆయతు న్యాయాన్నీ, ఇహ్సాన్‌నూ రెంటినీ ఆదేశిస్తుంది. కాని ఇహ్సాన్‌ను ఇచ్చేవాడు మనస్ఫూర్తిగా ఇవ్వాలి. ఎదుటివాడు హక్కు పేరుతో దాన్ని లాక్కోలేడు.