మంచం దిగగానే మడమ నొప్పి

పెడనలో కలంకారీ అచ్చులు వేసేవారు బల్ల పక్కన గంటల తరబడి నిలబడే పనిచేస్తారు. మచిలీపట్నం కొట్లలో, గుడివాడ హోటళ్లలో, దివిసీమ ఇళ్లలో గచ్చు మీద ఉత్తకాళ్లతో పనిచేసేవారూ అంతే. ఇలాంటివారిలో కొందరికి పొద్దున్నే మొదటి అడుగు వేయగానే మడమ కింద మేకు దిగినట్టుంటుంది. నాలుగడుగులు నడిస్తే తగ్గుతుంది, సాయంత్రానికి మళ్లీ సలుపుతుంది.

మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక దళసరి పట్టీ ఉంటుంది. రోజంతా బరువు మోసి అది మడమ దగ్గర దెబ్బతింటుంది. రాత్రి పాదం కిందికి వాలి ఉండటంతో ముడుచుకుంటుంది. లేచి నిలబడగానే ఒక్కసారిగా సాగి నొప్పి పుడుతుంది. దీన్నే ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు.

అందుకే సాగదీయాల్సింది మంచం దిగకముందే. నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకోండి. వేళ్లను చేత్తో వెనక్కి, మోకాలి వైపు లాగండి. అరికాలిలో పట్టీ బిగిసినట్టు రెండో చేతికి తగలాలి. 10 సెకన్లు పట్టి వదలండి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలా చేయండి. పగలు గోడకు చేతులానించి, ఆ కాలిని వెనక్కి పెట్టి, మడమ లేవకుండా పిక్కను 30 సెకన్లు సాగదీయండి. గచ్చు మీద మెత్తని చెప్పులు వేసుకోండి.

తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తిమ్మిరి, వాపు, జ్వరం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే, లేదా షుగరు ఉంటే, ముందు డాక్టరుకు చూపించండి.