కాలం ప్రత్యయంలో ఉందా?

వ్యాకరణపాఠం చెబుతూ ఒకనాడు, చీనా భాషలో క్రియకు భూత భవిష్యద్వర్తమాన ప్రత్యయాలు లేవన్నాను. "అయితే నిన్నా రేపూ వాళ్ళకెట్లా తెలుస్తాయండీ?" అన్నాడొక విద్యార్థి. ప్రశ్న అమాయకమైనదే. కాని ప్రత్యయం లేనివారికి ఆ భావమే లేదనే పాత దురభిప్రాయం దాని వెనుక ఉంది. 1930లలో వోర్ఫ్, అమెరికాలోని హోపీ ప్రజల భాషలో కాలాన్ని సూచించే మాటలే లేవన్నాడు. 1983లో మలోట్కీ ఒక పెద్ద గ్రంథంనిండా అలాంటి మాటలు చూపేసరికి ఆ వాదం నిలవలేదు.

చీనా వాక్యాలు రెండు చూద్దాం. "తా హెన్ మాంగ్" అంటే అతడికి పని ఒత్తిడి. "తా దాపో ఈ గ హ్వాపింగ్" అంటే అతడు పూలకుండీ ఒకటి పగలగొట్టడం. రెంటిలోనూ కాలప్రత్యయం లేదు. అయినా వినేవాడు మొదటిదాన్ని ఇప్పటిదిగా, రెండవదాన్ని జరిగిపోయినదిగా గ్రహిస్తాడు. ఎందుచేత? పని ఒత్తిడి ఒక స్థితి. మాట్లాడే క్షణానికి అటూ ఇటూ సాగుతుంది. కుండీ పగలడం మొదలూ తుదీ ఉన్న సంఘటన. అది మాట్లాడే క్షణంలో ఇమడదు. ఇక మిగిలినవి గతమూ భవిష్యత్తూ. రేపటి సంగతి ఇంకా తేలనిది గనుక, వేరే సూచన లేనప్పుడు గతమే తోస్తుంది. కార్లోటా స్మిత్, మేరీ ఎర్బా 2005లో ఇంచుమించు ఈ విధంగానే వివరించారు.

ఇది వ్యాకరణ శాసనం కాదు, ఊహ అని తెలిసేదెట్లా? ఊహను మరొకమాటతో తోసివేయవచ్చు. మొదటి వాక్యానికి "నిన్న" చేరిస్తే, ఏ వైరుధ్యమూ లేకుండా అది నిన్నటి ఒత్తిడి అవుతుంది. తెలుగులో "రేపు వచ్చాడు" అంటే మాత్రం చెవికి పొసగదు. అక్కడ శాసనం ఉంది. చీనాలోని "ల" భూతకాల ప్రత్యయమేగా అంటారు కొందరు. కాని "రేపు అన్నం తిని వెళతాను" అనేటప్పుడు కూడా తినడం పక్కన "ల" వస్తుంది. అది చెప్పేది పని ముగియడం. ఎప్పుడు ముగిసిందన్నది కాదు.

ఈ వాదానికి హద్దు లేకపోలేదు. కెనడాలోని లిల్లూయెట్ భాషలో ఒంటరి క్రియ గతానికీ వర్తమానానికీ చెల్లుతుంది. "రేపు" చేర్చినా భవిష్యత్తుకు చెల్లదు, దానికి వేరే పదం కావాలి. ఇక్కడ ఊహను తోసివేయడం కుదరడంలేదు. అందుకే వినబడని కాలప్రత్యయమొకటి అందులో ఉన్నదని 2006లో లీసా మాథ్యూసన్ వాదించింది. కనుక ప్రతి భాషనూ విడిగా పరీక్షించవలసిందే.

నా విద్యార్థికి దూరదేశాల ఉదాహరణ అక్కరలేకపోయింది. "నిన్న తమ్ముడికి జ్వరం, రేపు నాకు పరీక్ష" అన్నాను. క్రియే లేదు, ప్రత్యయమెక్కడిది? అయినా తరగతిలో ఒక్కరూ పొరబడలేదు. మనకు మనం ఇచ్చుకునే ఈ తెలివిని ఇతరులకు లేదనడం భాషాశాస్త్రం కాదు, అహంకారం.