తొంభై రోజుల మాట

నష్టాల్లో ఉన్న కంపెనీకి సీఈఓగా రావాలనుకునే మనిషి ఇంటర్వ్యూలో బోర్డు ముందు కూర్చుని, మొదటి తొంభై రోజుల్లో ఏం చేస్తాడో చెప్పాలి. అతను అప్పటికి చూసింది అచ్చయిన వార్షిక నివేదిక మాత్రమే. అసలు పుస్తకాలు ఇంకా తెరవలేదు. చూడని ఇంటికి రిపేరు ఖర్చు చెప్పడం నిజాయితీ అవుతుందా?

మనకు బాగా తెలిసిన ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. పుస్తకాల్లో 5,361 కోట్ల నగదు ఉంది. అందులో 5,040 కోట్లు అసలు లేవని 2009 జనవరి 7న రామలింగరాజు లేఖతో తెలిసింది. ముందురోజు ఎవరైనా ఆ నగదును నమ్ముకుని ప్లాన్ రాసుంటే, ఎంత తెలివిగా రాసినా అబద్ధమే అయ్యేది.

అలాగని "నాకేం తెలీదు" అని ఊరుకుంటే సరిపోతుందా? జనవరి 11న ప్రభుత్వం దీపక్ పరేఖ్, కిరణ్ కార్ణిక్, సి. అచ్యుతన్‌లను కొత్త బోర్డులో నియమించింది. జీతాలకు డబ్బు చూడటం, క్లయింట్లు జారిపోకుండా మాట్లాడటం, లెక్కలు తవ్వించడం వాళ్ల ముందున్న మొదటి పనులు. ఫిబ్రవరి 5న కంపెనీలోనే పనిచేస్తున్న ఎ.ఎస్. మూర్తిని సీఈఓ చేశారు. ఏప్రిల్ 13న, అంటే 92వ రోజున, షేరు 58 రూపాయల లెక్కన టెక్ మహీంద్రా బిడ్ గెలిచింది. సరిచేసిన లెక్కలు బయటికొచ్చింది మాత్రం 2010లో. అంటే పూర్తి నిజం తెలియకుండానే నిర్ణయం జరిగింది. జరగక తప్పదు కూడా.

అందుకే బోర్డు అడిగే ఆ కఠినమైన ప్రశ్న, "ఎంతమందిని తీసేస్తారు?" అన్నది, అభ్యర్థి నీతికే పరీక్ష. "పదిహేను శాతం" అంటే ధైర్యంలా వినిపిస్తుంది, కానీ ఆ అంకె గాల్లోంచి వచ్చింది. "వచ్చాక చూస్తా" అంటే తప్పించుకోవడం. వీటి మధ్య ఇంకో జవాబుంది. "మొదటి వారంలోనే పదమూడు వారాల నగదు లెక్క వేస్తాను. ఏ వారం జీతాలకు డబ్బు చాలదో అందులో తేలుతుంది. ముందు రావాల్సిన బాకీలు వసూలు చేస్తాను, బ్యాంకులతో గడువు మాట్లాడతాను. అప్పటికీ చాలకపోతే నలభై అయిదో రోజున ఒక అంకెతో, దాని కారణాలతో మీ ముందుకొస్తాను."

నిడమనూరు వైపు సాగర్ ఎడమ కాలువ కింద రైతు ఆలోచనా ఇలాంటిదే. నీళ్లొస్తాయని మాటివ్వడు. ఫలానా తేదీలోపు వదిలితే వరి, లేకపోతే ఇంకో పంట అనుకుంటాడు.

బోర్డు కూడా ఇంకో ప్రశ్న అడగాలి: "ఏది తప్పని తేలితే మీ ప్లాన్ మార్చుకుంటారు?" దీనికి జవాబు లేని అభ్యర్థి స్లైడ్లు బట్టీపట్టి వచ్చాడన్నమాట. అయితే దీనికీ ఒక హద్దుంది. ఆ నలభై అయిదో రోజు అంకెలో ఎవరి పేరుంటుందో, ఆ మనిషి ఈ గదిలో లేడు. మన షరతులన్నీ బోర్డుకు చెప్పాం. అతనికి ఎప్పుడు చెబుతామో కూడా ప్లాన్‌లో ఒక తేదీ ఉండాలి కదా?