చిన్న దుఃఖము

'కుక్క చావు' అన్నది తెలుగులో తిట్టు. హిందీలోనూ అంతే, దిక్కులేని చావును ఆ భాషవారు 'కుత్తే కీ మౌత్' అందురు. రెండు భాషలును ఇంత సులభముగా ఏకీభవించిన చోట అనువాదకునికి శ్రమ లేదు. కాని ఆలోచింపవలసిన విషయమొకటి ఉన్నది. ఏ ప్రాణి మరణమును హీనత్వమునకు గుర్తుగా వాడుకొనుచున్నామో, ఆ ప్రాణియే మన యింట పదియేండ్లు బ్రతికి కన్నుమూసినప్పుడు ఆ దుఃఖమును ఏ మాటలతో చెప్పుకొనవలెను?

మనిషి పోయినప్పుడు ఆచారము మనలను ఆదుకొనును. మైలదినములు, పరామర్శకు వచ్చు బంధువులు, పదవనాటి కర్మ, ఇవన్నియు దుఃఖమునకు ఒక గడువును, ఒక రూపమును ఇచ్చును. కుక్క పోయిన యింటికి ఇవేవియు లేవు. మరునాడు యథాప్రకారము పనికి పోవలెను. ఇరుగుపొరుగువారు మరొక పిల్లను తెచ్చుకొమ్మని హితవు చెప్పుదురు. అయినను సాయంకాలము గుమ్మములో అడుగు పెట్టగానే ఎదురు వచ్చు ప్రాణి లేదు. కంచములో చివరి ముద్ద మిగిల్చిన చేయి ఆగిపోవును. దుఃఖపు పరిమాణమును నిర్ణయించునది మరణించిన ప్రాణి అంతస్తు కాదు, మన దినచర్యలో అది ఆక్రమించిన చోటు. ఆచారము చేయని పనిని ఇచ్చట రచన చేయవలసి వచ్చును.

ఆ పని ఎట్లు చేయవలెనో హిందీ రచయిత్రి మహాదేవీ వర్మ చూపినది. 1972లో వెలువడిన 'మేరా పరివార్' అను గ్రంథములో ఆమె తాను పెంచిన జంతువులను గూర్చి వ్రాసినది. వానిలో నీలూ అను కుక్క ఒకటి. ఆమె దానిచేత మనుష్య భాష మాట్లాడింపలేదు. దాని తల్లి లూసీ ఎట్టిదో, నీలూ ఎట్లు నడచెడిదో, ఎవరికి లొంగెడిది కాదో చెప్పినది. కుందేళ్లను కాపాడుటకై అది రాత్రియెల్ల మంచులో నిలిచి న్యుమోనియా తెచ్చుకొన్న సంగతిని వర్ణించినది. ఇట్టి రచనకు ఒక పరీక్ష కలదు. నీలూ పేరు తీసి మరొక కుక్క పేరు పెట్టినను వాక్యము చెల్లినచో, అందున్నది రచయిత జాలియే గాని కుక్క కాదు. మహాదేవి వాక్యములలో ఆ మార్పు పొసగదు.

మనుష్యులు ఆకలితో చనిపోవు లోకములో కుక్క కొరకు కన్నీరేల అని అడుగువారు కలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట తన కుక్కను గూర్చి చెప్పువాడు తప్పు చేయుచున్నాడు. కాని చిన్న దుఃఖమును గౌరవించుట వేరు, దానిని పెద్ద దుఃఖముతో సమానము చేయుట వేరు. కన్నీరు గాదెలోని ధాన్యము వంటిది కాదు. ఒకరికి కొలిచినంత మాత్రమున మరొకరికి తరిగిపోదు. బోయ బాణమునకు కూలిన క్రౌంచపక్షిని చూచిన వాల్మీకి నోట శ్లోకము పుట్టినదని రామాయణమే చెప్పుచున్నది. సీతారాముల మహాదుఃఖమును చెప్పబోవు కవి ముందుగా ఒక పక్షి యెదుట నిలువవలసివచ్చినది. అది పక్షియే కదా యని ఆయన సాగిపోలేదు.