స్వీకరించేవారు లేని అంకితం: తొలి పుస్తకంలో తల్లికి రాసిన కవిత – ఒక నైతిక విచారణ

సామర్లకోటలో ఒక యువకవి తన తొలి కవితా సంపుటిని అచ్చుకు సిద్ధం చేస్తూ, మొదటి పేజీలో కన్నుమూసిన తల్లికి ఒక అంకిత కవిత రాశాడని అనుకోవచ్చు. ఊహించిన సందర్భమే అయినా ఇది అరుదైనది కాదు. ఇటీవలి తొలి సంపుటాలలో తల్లికో తండ్రికో ఇచ్చిన అంకితాలు తరచుగా కనిపిస్తాయి. ఆ పేజీని విమర్శకులు సాధారణంగా మర్యాదకు ఒకసారి చూసి తిప్పేస్తారు. మరణించిన మనిషికి ఒక వస్తువును ఇవ్వడం సాధ్యమేనా, సాధ్యం కానప్పుడు ఆ పేజీలో జరుగుతున్నది ఏమిటి అన్న ప్రశ్న మాత్రం అక్కడే మిగిలిపోతుంది.

తెలుగు కావ్య సంప్రదాయంలో అంకితం ఇద్దరి మధ్య జరిగే వ్యవహారం. గోదావరి సీమకే చెందిన దాక్షారామాన్ని కీర్తిస్తూ శ్రీనాథుడు రచించిన భీమేశ్వరపురాణానికి బెండపూడి అన్నయమంత్రి కృతిపతి. కృతిపతి కోరడం, కవి అంగీకరించడం, కృతిపతి వంశవర్ణన, ఆపైన షష్ఠ్యంతాలు అవతారికలకు అలవాటైన క్రమం. ఈ క్రమంలో తరచుగా గమనించని విషయం ఒకటుంది: కృతిపతి కాదనగలడు. అడిగినవాడు తన మాట వెనక్కు తీసుకోగలడు, ఇవ్వజూపినదాన్ని నిరాకరించనూగలడు. అతని అంగీకారానికి విలువ వచ్చింది నిరాకరణకు వీలుండడం వల్లనే.

దానం విషయంలో ధర్మశాస్త్రకారులు పట్టుకున్న ముడి కూడా ఇదే. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు దానం పూర్తి కావాలంటే దాత తన స్వామ్యాన్ని వదులుకుంటే చాలదని, గ్రహీత స్వీకారం కూడా ఉండాలని వాదించాడు. ఆ స్వీకారం మనసుతో, మాటతో, దేహంతో అని మూడు విధాలుగా ఉంటుందన్నాడు. సామర్లకోట కవి తల్లి విషయంలో ఈ మూడింటిలో ఏదీ మిగలలేదు. పుస్తకాన్ని ఆమె చేత్తో అందుకోలేదు, మంచిదిరా అని నోటితో అనలేదు, మనసులో ఏమనుకునేదో తెలిసే వీలూ లేదు. ఈ లెక్కన ఆ పేజీలో దానం జరగలేదు, దానం చేయాలన్న కోరిక మాత్రమే ప్రకటితమైంది.

ఆ కోరికను ఏ విభక్తిలో ప్రకటించాలన్నది పైకి కనిపించేటంత చిన్న విషయం కాదు. ‘అమ్మకు’, ‘అమ్మ స్మృతికి’, ‘అమ్మ కోసం’ అన్న మూడూ అంకిత పుటల మీద ఒకదానికి బదులు ఒకటిగా వాడుతుంటారు గాని, వాటి అర్థాలు ఒకటి కావు. ‘అమ్మకు’ అన్నది అవతారికల్లోని షష్ఠ్యంతాల వరుసకు చెందిన రూపం. పుస్తకం చేరవలసిన చోటికి చేరిందన్న ధీమా అందులో ఉంది. ‘అమ్మ స్మృతికి’ అన్నప్పుడు కవి పుస్తకాన్ని నిజానికి తనకే ఇచ్చుకుంటున్నాడు, ఆ స్మృతి ఉన్నది తనలోనే కనుక. వినయంగా వినిపించే ఈ మాటలో ఒక స్వార్థం దాగి ఉంది. ‘అమ్మ కోసం’ అన్నది చతుర్థి. అది ప్రయోజనాన్ని చెబుతుంది గాని, చేరిక గురించి ఏ హామీ ఇవ్వదు. మూడింటిలో అబద్ధానికి అన్నిటికంటే తక్కువ చోటున్నది దీనిలోనే.

ఆధునిక కవిత్వంలో మృతునికి రాసిన అంకిత కవితల్లో అందరికీ తెలిసినది ఈ చతుర్థినే ఎంచుకుంది. 1950లో వెలువడిన మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ తన మిత్రుడు, ‘ఉదయిని’ పత్రికా సంపాదకుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితమిచ్చాడు. ఆ కవిత శీర్షిక ‘కొంపెల్ల జనార్దనరావు కోసం’. కొంపెల్ల 1937లోనే మరణించాడు. ఇది తొలి పుస్తకం కాదు, 1928 నాటి ‘ప్రభవ’ దీనికి ముందుంది. అక్కడి బంధం కూడా తల్లీబిడ్డలది కాదు. అయినా మృతుణ్ణి నేరుగా సంబోధిస్తూనే అతను ఈ పుస్తకాన్ని స్వీకరించాడని ఎక్కడా నటించకపోవడం దాని బలం. ఆ మరణాన్ని పట్టించుకోకుండా సాగిపోయిన లోకం మీద నిష్ఠురమే అందులో ప్రధానం. మాట మిత్రుడితో నడుస్తుంది, అది తగిలేది మాత్రం పాఠకుడికి.

ఇక్కడ మరొక సంస్థను గుర్తు చేసుకోవచ్చు. సామర్లకోటవారు తల్లిదండ్రుల పిండప్రదానానికి వెళ్లే పాదగయ పొరుగునున్న పిఠాపురంలోనే ఉంది. శ్రాద్ధంలో పితృస్థానంలో కూర్చున్న భోక్తను కర్త తృప్తి కలిగిందా అని అడుగుతాడు, భోక్త కలిగిందంటాడు. మృతులు చెప్పలేని జవాబును బతికున్న మనిషి వారి తరఫున చెబుతాడు. అంకిత కవితలో ఆ పీట మీద కూర్చునేది పాఠకుడు. అయితే ఒక భేదం ఉంది. భోక్త జవాబు ముందే నిర్ణయమైనది. పాఠకుడికి తృప్తి కలగలేదని చెప్పే స్వేచ్ఛ ఉంది. తల్లి పోగొట్టుకున్న నిరాకరణాధికారం ఆ విధంగా కొంతవరకు పాఠకుడి దగ్గర బతికి ఉంటుంది.

కొంతవరకే. తల్లి గురించి కవి చెప్పినది నిజమో కాదో పాఠకుడికి తెలియదు. అది తెలిసిన ఒకే ఒక మనిషి లేదు. అంకిత కవితలోని నైతిక ప్రమాదం ఇదే: ఎదురు చెప్పలేని మనిషి నోట మాటలు పెట్టడం. తిక్కన భారత అవతారికలో మరణించిన తండ్రి కొమ్మన స్వప్నంలో కనిపిస్తాడు. కాని అక్కడ కృతిపతి హరిహరనాథుడు, తండ్రి ఆ దేవుడి మాట మోసుకొచ్చినవాడు మాత్రమే. పైగా అది స్వప్నమని కవే చెప్పాడు. ఈనాటి అంకిత కవితలో తల్లి ఆశీర్వదిస్తున్నప్పుడు అలాంటి చట్రం ఏదీ ఉండదు. అది జరిగిన విషయంలా వినిపిస్తుంది.

మళ్లీ సామర్లకోట కవి రాతప్రతి దగ్గరకు రావచ్చు. మొదటి ప్రతిలో తల్లి త్యాగమూర్తి, దేవత; కొడుకు కవి అవుతాడని ఉయ్యాలలోనే ఎరిగిన మనిషి. ఏ కవి తల్లికైనా ఆ పంక్తులు సరిపోతాయి. లోపాన్ని పట్టుకోవడానికి పరీక్ష కూడా అదే: పేరు మార్చినా కవిత మారకపోతే, అందులో ఆమె లేదు. నిజానికి ఆమెకు కవిత్వం మీద నమ్మకం లేదు. కొడుక్కి రైల్వేలో ఉద్యోగం రావాలని కోరుకుంది. రాత్రిపూట కాగితాలు ఖరాబు చేస్తున్నాడని కసిరింది. ఈ సంగతి రాస్తే తల్లిని చిన్నబుచ్చినట్టవుతుందని కవి భయం.

ఆ భయం తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. ఆమె అభ్యంతరాన్ని అచ్చువేయడానికి కూడా ఆమె అనుమతి లేదు. పొగడ్తకు అనుమతి ఎంత లేదో, నిజానికీ అంతే లేదు. అయినా రెండూ సమానం కావు. పొగడ్త ఆమె అనని మాటను ఆమెకు అంటగడుతుంది. అభ్యంతరం ఆమె అన్న మాటనే నిలుపుతుంది. కాదనే హక్కు పోయిన మనిషికి, బతికుండగా కాదన్న ఒక్క సందర్భాన్నయినా మిగల్చడం న్యాయానికి దగ్గరగా ఉంటుంది. తొలి పుస్తకంలో ఇది మరింత పదునుగా ఉంటుంది, ఆమె వద్దన్నది సరిగ్గా ఈ పుస్తకాన్నే కనుక.

రెండో ప్రతిలో ఉయ్యాల లేదు, ఆశీర్వాదం లేదు. పైన ‘అమ్మ కోసం’ అని ఉంది. ఆఖరి పంక్తిలో ఆమె, ఇది రాస్తే ఎంతిస్తారని అడుగుతుంది. కవి జవాబు రాయలేదు.